ఏడాది తిరిగిన మిక్సీ ఏం చెబుతోంది?

మోటారుకు అయిదేళ్ల వారంటీ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. అయితే ముందుగా అరిగేది మోటారు కాదు. దాన్ని చంపగలిగే చిన్న భాగం ఒకటి జారు అడుగున ఉంది. ఏడాది వాడకం తర్వాత మిక్సీలో ఏం చూడాలో, ఏం వినాలో, సర్వీసు వాళ్లను ఏం అడగాలో చెప్పే కథనం ఇది.

మిక్సీ కొనేటప్పుడు అంగట్లో వినిపించే మాటలన్నీ మొదటి నెలకు సంబంధించినవే. ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు, ఇడ్లీ పప్పు ఎంత మెత్తగా నలుగుతుంది అంటారు. కొత్తలో ఏ మిక్సీ అయినా బాగానే తిరుగుతుంది, పప్పు బాగానే నలుగుతుంది. రోజూ పొద్దున కొబ్బరి చట్నీ, వారంలో ఒకటి రెండు సార్లు మినప్పప్పు, మధ్యమధ్య అల్లం వెల్లుల్లి ముద్ద, వేసవి వచ్చేసరికి ఆవపిండి, కారం, ఏడాది పొడవునా కందిపొడి, నువ్వులపొడి. ఇన్ని పనులు చేసి ఆరు రుతువులు దాటాకే దాని అసలు గుణం బయటపడుతుంది.

రాజమహేంద్రవరంలో మా ఇంట్లో ఉన్నది 750 వాట్ల మిక్సీ, మూడు జార్లది. నలుగురం ఉండే ఇల్లు. కిందటి ఉగాదికి ముందు కొన్నాం. వారంటీ కార్డు ప్రకారం మొత్తం వస్తువుకు రెండేళ్లు, మోటారుకు అయిదేళ్లు. ఈ ఏడాదిలో మోటారు ఒక్కసారీ మొరాయించలేదు. ఇబ్బంది పెట్టింది చట్నీ జారు. ఆ ఇబ్బంది అక్కడితో ఆగేది కాదని, పట్టించుకోకపోతే మోటారు దాకా వెళ్లేదని తెలిశాక ఇది రాయాలనిపించింది.

మోటారు అరిగిందా, లేదా?

మిక్సీలో ఉండేది ఫ్యాన్‌లో ఉండే మోటారు లాంటిది కాదు. దీన్ని యూనివర్సల్ మోటారు అంటారు. ఖాళీగా తిప్పితే నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంది. జారులో బరువు పెరిగేకొద్దీ వేగం తగ్గించుకుని, కరెంటు ఎక్కువ లాగి, బలం పెంచుకుంటుంది. మన వంటకు ఈ గుణమే కావాలి. 1960లలో సీమెన్స్‌లో పనిచేసిన ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో ఓ విదేశీ మిక్సీ భారతీయ వంటకు తట్టుకోలేక పాడయింది. ఆయన మన వంటకు ఆగే మోటారుతో వేరే మిక్సీ తయారు చేయించారు. సుమీత్ మిక్సీ అలా పుట్టింది. నానబెట్టిన పప్పు, పచ్చికొబ్బరి, ఎండుమిరప అన్నీ ఒకే యంత్రం నలగ్గొట్టాలన్న పట్టుదల అప్పటినుంచి మన మిక్సీలన్నిటికీ వచ్చింది.

ఆ బలానికి వెల ఉంది. తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించడానికి రెండు పక్కలా రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగుల ఒత్తిడితో రాసుకుంటూ ఉంటాయి. మెకానిక్కులు వీటిని ఉత్త కార్బన్లు అంటారు. అవి అరగడానికే పుట్టాయి. ఏడాదికి ఎంత అరిగాయో విప్పకుండానే కొంత అంచనా వేయొచ్చు. వంటగదిలో లైటు ఆర్పి, జారులో మామూలుగా వేసే సరుకు వేసి, మిక్సీ తిప్పుతూ గాలి కన్నాల్లోంచి లోపలికి చూడండి. కార్బన్లు తాకే చోట చిన్న చిన్న నీలి మెరుపులు కనిపిస్తే కంగారు లేదు. నారింజ రంగు నిప్పురవ్వలు చుట్టూ వలయంలా పరుగెడుతుంటే కార్బన్లు పొట్టివైపోయాయనో, అవి రాసుకునే రాగి భాగం గాట్లు పడిందనో అర్థం. స్విచ్ తిప్పినా ఒకసారి తిరిగి ఒకసారి తిరగకపోవడం, పక్కన తడితే మొదలవడం కూడా కార్బన్లు అయిపోవచ్చాయనడానికి గుర్తే. ఈ దశలో జత మారిస్తే మోటారు నిలుస్తుంది. మారిస్తే అయ్యే ఖర్చు మిక్సీ ధరలో చాలా చిన్న భాగం. వాయిదా వేస్తే ఆర్మేచరే మార్చాల్సి వస్తుంది.

మా మిక్సీలో నీలి మెరుపులే ఉన్నాయి. వాసన సంగతీ చెప్పాలి. కొత్తలో మొదటి కొన్నిసార్లు వచ్చే కాలిన వాసన వైండింగ్ మీది వార్నిష్‌ది, అది పోతుంది. ఏడాది తర్వాత మళ్లీ అదే వాసన వస్తే మాత్రం మోటారు తట్టుకోలేనంత పని చేయిస్తున్నామన్నట్టు.

ఎంత పని తట్టుకుంటుందో మిక్సీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 30 నిమిషాల రేటింగ్ అని చూసి అరగంట ఆపకుండా తిప్పొచ్చనుకునేవాళ్లు చాలామంది. చాలా కంపెనీల లెక్కలో దాని అర్థం అయిదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపడం, అలా ఆరు విడతలు. మీ పుస్తకంలో ఏముందో ఒకసారి చూసుకోండి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. గట్టి పిండిని ఒకటో నంబరు మీద నెమ్మదిగా రుబ్బితే మోటారుకు హాయి అనుకుంటాం. నిజానికి మోటారును చల్లబరిచే ఫ్యాను అదే ఇరుసు మీద ఉంది. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది, బరువు మాత్రం అంతే ఉంటుంది. అందుకని గట్టి పిండి ఒకటో నంబరు మీద ఎక్కువసేపు తిరిగితే మోటారు ఇంకా వేడెక్కుతుంది. ఒకటితో మొదలుపెట్టి, సరుకు కదిలాక రెండుకో మూడుకో వెళ్లడం, పిండి గట్టిగా ఉంటే కాస్త నీళ్లు చిలకరించడం మంచిది. 750 వాట్ల మోటారు మామూలుగా 230 వోల్టుల మీద 3 ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. బ్లేడు ఇరుక్కుని ఆగిపోతే అది ఎన్నో రెట్లవుతుంది. అప్పుడే అడుగున ఉన్న ఎర్ర బటన్ బయటికి తన్ని కరెంటు ఆపేస్తుంది. ఏడాదిలో ఒకటి రెండు సార్లు అది తన్నితే తప్పు లేదు. వారం వారం తన్నుతుంటే జారు నిండుగా వేస్తున్నారని గానీ, లోపల ఏదో బిగుసుకుందని గానీ అనుమానించాలి.

చప్పుడు ఎక్కడిది?

మిక్సీ చప్పుడు చేస్తుంది. ఆ వేగంలో తిరిగే యంత్రం నిశ్శబ్దంగా ఉండమంటే ఉండదు. ఎంత చప్పుడన్నది కాదు, కిందటేటి కంటే మారిందా అన్నదే చూసుకోవాల్సింది. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ కచ్చితమైన కొలత ఇవ్వదు గానీ పోల్చుకోవడానికి చాలు. ఒకే చోట, ఒకే దూరంలో, అవే నీళ్లు పోసి కొలవాలి. మా దాంట్లో కొత్తలో 85 డెసిబెళ్ల దగ్గర ఉన్నది చలికాలానికి చట్నీ జారుతో 90 దాటింది. డెసిబెళ్ల లెక్కలో పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. కాబట్టి అయిదు పెరగడం చిన్న విషయం కాదు. పక్క గదిలో ఉన్నవాళ్లకే తేడా తెలిసిపోయింది.

ఆ చప్పుడు ఎక్కడిదో కనుక్కోవడానికి మా వీధి చివర మిక్సీలు బాగుచేసే పెద్దాయన ఒక తేలికైన దారి చూపించారు. మొదట జారు లేకుండా, చేయి దూరంగా పెట్టి, ఒకటో నంబరు మీద రెండు మూడు సెకన్లు మాత్రం తిప్పాలి. శుభ్రంగా ఒకే శ్రుతిలో రొద వినిపిస్తే మోటారు, దాని బుష్‌లు బాగున్నట్టు. అక్కడే గరగరమంటే రోగం మోటారులో ఉంది. జారు పెడితేనే తిరిగే మిక్సీలకు ఈ పరీక్ష కుదరదు. తర్వాత ఒక్కో జారులో కాసిని నీళ్లు పోసి పెట్టి చూడాలి. అన్ని జార్లతోనూ కటకట వస్తే మిక్సీ మీద ఉండే కప్లర్ పళ్లు అరిగినట్టు. ఒక్క జారుతోనే వస్తే ఆ జారు బుష్ పోయినట్టు.

మా మిక్సీ ఒట్టిగా తిరిగినప్పుడు చక్కగా మోగింది. పెద్ద జారుతో, పొడుల జారుతో మామూలే. చట్నీ జారు పెట్టగానే గరగర.

"మోటారుకేం ఢోకా లేదమ్మా. జారు బుష్ పోయిందండి. ఇదిగో, మీరే కదిపి చూడండి" అని జారు నా చేతికిచ్చారాయన.

అడుగున ఉన్న కప్లర్‌ను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే లోపలి బ్లేడు స్పష్టంగా ఊగింది. బాగున్న జారులో అది పక్కలకు కదలదు, వేలితో తిప్పితే మాత్రం తేలిగ్గా తిరుగుతుంది.

చప్పుడు తగ్గించాలని మిక్సీ కింద మడత పెట్టిన తువ్వాలు పరిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానండి. చాలా మిక్సీల్లో మోటారు వేడిగాలి అడుగు నుంచే బయటికి పోతుంది. గుడ్డ దాన్ని మూసేస్తుంది. రబ్బరు కాళ్లు గట్టిపడి మిక్సీ జారుతుంటే ఆ కాళ్లు మార్పించుకోవాలి.

జారు అడుగున ఏం జరుగుతోంది

బ్లేడును తిప్పే స్టీలు ఇరుసు జారు అడుగులోంచి ఒక లోహపు గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టమే బుష్. నీళ్లు కారకుండా దానికో సీలు ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇరుసు, దాన్ని ఆనుకుని ఉప్పు, చింతపండు పులుపు, కారం, నూనె. మన చట్నీ అంత కఠినమైన పరీక్ష ఇంకోటి లేదు. పైగా చట్నీ జారు చిన్నది, రోజూ వాడేది అదే. కాబట్టి మూడు జార్లలో ముందు పోయేదీ అదే.

బుష్ కాస్త అరగ్గానే ఇరుసు ఊగుతుంది. ఊగే ఇరుసు సీలును తినేస్తుంది. సీలు పోయాక జారు అడుగున నల్లటి తడి కనిపిస్తుంది. అది మసాలా మరక అనుకుని తుడిచేస్తాం. అరిగిన లోహం, పాత గ్రీజు, నీళ్లు కలిసిన ముద్ద అది. కనిపించిన రోజునే ఆ జారు పక్కన పెట్టాలి. ఆ నీరు కిందికి, కప్లర్ చుట్టూ ఉన్న గుంటలోకి కారుతుంది. చాలా మిక్సీల్లో అక్కడ నీళ్లు బయటికి పోవడానికి చిన్న కన్నం ఉంటుంది. పిండి గట్టిపడి ఆ కన్నం పూడుకుపోతే నీటికి మిగిలిన దారి మోటారు ఇరుసు వెంబడే. అది మోటారు పై బుష్‌లోని గ్రీజును కడిగేస్తుంది, తుప్పు పట్టిస్తుంది. ఇరుసు బిగుసుకుంటుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, ఒకరోజు వైండింగ్ కాలుతుంది. తన దగ్గరికొచ్చే కాలిన మోటార్లలో ఎక్కువ భాగం ఇలా నీళ్లు దిగినవేనని ఆ పెద్దాయన అన్నారు. అయిదేళ్ల వారంటీ ఇక్కడే చేతికి అందకుండా పోతుంది. విప్పి చూసి లోపల తడి, తుప్పు కనిపిస్తే వాడకం సరిగా లేదంటూ వారంటీ వర్తించదని రాసే వీలు కంపెనీలకు ఉంది.

జారు కారుతోందో లేదో తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి పడుకునేముందు జారులో సగానికి నీళ్లు పోసి, పొడి న్యూస్‌పేపరు మీద పెట్టండి. పొద్దున కాగితం మీద తడి వలయం ఉంటే సీలు పోయింది. నెలకోసారి ఇది చేస్తే చాలు.

బుష్ ఎక్కువ కాలం రావాలంటే కొన్ని చేయకూడదు. వేయించిన టమాటా, వంకాయ వేడివేడిగా జారులో వేయకూడదు. ఆ వేడికి సీలు పాడవుతుంది, ఆవిరికి మూత ఎగిరి మీద పడే ప్రమాదమూ ఉంది. జారును రాత్రంతా సబ్బునీళ్లలో ముంచి ఉంచకూడదు. పని అవగానే కాసిని నీళ్లు పోసి రెండు సెకన్లు తిప్పి, కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. పసుపు కొమ్ములు, శొంఠి ముందు రోట్లోనో కల్వంలోనో చితక్కొట్టి వేయాలి. గట్టి సరుకు తగిలి బ్లేడు ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బ ముందు కప్లర్ తింటుంది. కప్లర్‌ను ప్లాస్టిక్‌తోనో రబ్బరుతోనో చేయడం కక్కుర్తి కాదు. అది విరిగి మోటారును కాపాడాలనే అలా చేస్తారు. అందుకని విరగని కప్లర్ వేస్తామని ఎవరైనా అంటే వద్దనండి.

ఫిర్యాదు చేశాక

మా జారు కారుతోందని తేలగానే కంపెనీ నంబరుకు ఫోన్ చేశాం. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను, ఒక్క అనుభవంతో ఒకరిని బోనెక్కించడం న్యాయం కాదు. ఆ రోజే ఫిర్యాదు నంబరు సందేశంగా వచ్చింది. అక్కడిదాకా బాగుంది. మనిషి రావడానికి వారం దాటింది. వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. జారు చూసి రోగం సరిగ్గానే చెప్పాడు.

"ఇది అరుగుదల కిందికొస్తుంది మేడమ్. వారంటీలో రాదు. బుష్ విడిగా ఇవ్వం, జారు మొత్తం మార్చుకోవాలి."

"వారంటీలో రాదని ఏ నిబంధనలో ఉంది బాబూ? జాబ్‌షీట్ మీద అదే రాసివ్వు" అన్నాను.

రాశాడు. ఆ కాగితమే తర్వాత పనికొచ్చింది. కొత్త జారు ధర మిక్సీ ధరలో దాదాపు అయిదో వంతు. అది కూడా స్టాకు లేదు, తెప్పించాలన్నారు. వారంటీ కార్డు తీసి వెనకవైపు చిన్న అక్షరాలు చదివాం. వారంటీ కిందికి రానివి ప్లాస్టిక్, రబ్బరు, గాజు భాగాలని ఉంది. మోటారు కార్బన్ల పేరు విడిగా ఉంది. లోహపు బుష్ ఆ జాబితాలో ఎక్కడా లేదు. అరుగుదల అన్న మాటే కార్డులో లేదు.

ఆ వాక్యం, జాబ్‌షీట్, బిల్లు ఫొటోలు జతచేసి కంపెనీకి ఈమెయిల్ పెట్టాం. జవాబు రాలేదు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, ఎవరినీ శిక్షించదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. అంతమాత్రానికే కంపెనీ కదిలింది. కొత్త జారు ఉచితంగా వచ్చింది. మొదటి ఫోన్ నుంచి జారు చేతికి అందేదాకా నెల పైనే పట్టింది. అన్నాళ్లూ చట్నీ పెద్ద జారులో చేసుకున్నాం. కొద్ది సరుకు దాని బ్లేడుకు అందదు, గోడలకు అంటుకుంటుంది. ఆ ఇబ్బంది వంట చేసే వాళ్లకే తెలుస్తుంది.

అప్పటికీ తేలకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను ఉండే ఊరి పరిధిలోనే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కారణం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువులకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు.

సర్వీసు విషయంలో నేను గమనించింది ఒకటుంది. ఫిర్యాదు నంబరుకు ఉన్న విలువ నోటిమాటకు లేదు. అంగడివాళ్లకు చెప్పాం, చూస్తామన్నారు అని ఊరుకుంటే గడువు దాటిపోతుంది. ఆ నంబరు ఉంటే వారంటీలో ఉండగానే చెప్పామనడానికి సాక్ష్యం ఉన్నట్టు. ఏదైనా భాగం మారిస్తే తీసేసిన పాతది చూపించమనండి, డబ్బు కట్టి మార్పించుకుంటే వెనక్కి అడగండి. వారంటీ ఉన్నంతకాలం మోటారు భాగాన్ని బయట విప్పించకండి.

మా మార్కులు

ఏడాది తర్వాత ఈ మిక్సీ మోటారుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. నలభై డిగ్రీలు దాటిన మే నెలలో ఆవపిండి కొట్టినా తడబడలేదు. కప్లర్ పళ్లు కొద్దిగా గుండ్రబడ్డాయి, ఇంకొన్నాళ్లు వస్తాయి. జార్లకు సగం మార్కులే. రోజూ వాడే జారు ఏడాది తిరగకముందే కారడం ఈ ధరకు తగదు. సర్వీసులో మనిషికి మంచి మార్కులు, వ్యవస్థకు తక్కువ. బుష్ విడిగా అమ్మకుండా జారు మొత్తం కొనమనడం, వారంటీ కార్డులో లేని మాట చెప్పి డబ్బు అడగడం మారాలి. కంపెనీలు వారంటీ కార్డు మీద ఏ జారు భాగానికి ఎన్నాళ్లో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయాలి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే మిక్సీ కొంటాను. కానీ డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: చట్నీ జారు బుష్ విడిగా దొరుకుతుందా, మా ఊళ్లో సర్వీసు సెంటర్ ఎక్కడుంది? మీ ఇంట్లో మిక్సీకి రెండేళ్లు నిండవస్తుంటే, ఈ రాత్రి జార్లలో నీళ్లు పోసి కాగితం మీద పెట్టండి. తడి కనిపిస్తే పొద్దున్నే ఫిర్యాదు నంబరు తీసుకోండి.